సపోర్ట్ వాళ్లకు మీ జీమెయిల్ దొరకట్లేదా? Hide My Email తో తెరిచిన అకౌంట్‌ను తిరిగి పట్టుకునే పద్ధతి

యాప్‌లో డబ్బు కట్టారు, కొన్నాళ్లు బాగానే వాడుకున్నారు, ఫోన్ మార్చారు, ఇప్పుడు అదే యాప్ మిమ్మల్ని ఎన్నడూ చూడనట్టు "కొత్త అకౌంట్ తెరవండి" అంటోంది. సపోర్ట్‌కి ఫోన్ చేసి జీమెయిల్ చెప్తే "ఈ మెయిల్ మీద మా దగ్గర అకౌంటే లేదండీ" అంటారు. మీరు చెప్పేది నిజమే, వాళ్లు చెప్పేదీ నిజమే. మధ్యలో మీకే తెలియని ఇంకో ఈమెయిల్ అడ్రస్ ఒకటి ఉంది, మీ అకౌంట్ దాని మీద ఉంది.

నేను హనుమకొండలో ఉంటూ ఒక పోటీ పరీక్షల యాప్‌కు సపోర్ట్ పని చేస్తాను. మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువసేపు నడిచేవి, ఎక్కువ టెన్షన్ పెట్టేవి ఇవే. సెకండ్ హ్యాండ్ ఐఫోన్ కొనుక్కుని కొన్నాళ్లు వాడి, అమ్మేసి మళ్లీ ఆండ్రాయిడ్‌కి వచ్చే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ చిక్కు మళ్లీ మళ్లీ ఎదురవుతూనే ఉంటుంది. దీన్ని మొదటి నుంచి చివరిదాకా ఎలా విప్పుకోవాలో, సపోర్ట్‌లో కూర్చున్న వాళ్లు ఏం చూడాలో రెండూ రాస్తున్నాను.

ఆ అడ్రస్ ఎక్కడి నుంచి వచ్చింది

గూగుల్ బటన్ నొక్కి లాగిన్ అయితే యాప్‌కు మీ అసలు జీమెయిలే వెళ్తుంది, దాంతో పెద్ద గొడవ లేదు. ఐఫోన్‌లో Sign in with Apple నొక్కితే మాత్రం మొదటిసారి ఒక చిన్న తెర వస్తుంది, అందులో Share My Email, Hide My Email అని రెండు దారులుంటాయి. రెండోది ఎంచుకుంటే యాపిల్ మీ అసలు మెయిల్‌ను యాప్‌కు ఇవ్వదు. దాని బదులు అప్పటికప్పుడు ఒక అడ్రస్ పుట్టించి ఇస్తుంది. అది చూడ్డానికి ఇలా ఉంటుంది:

```
dpdcnf87nu@privaterelay.appleid.com
```

2019లో ఐఓఎస్ 13తో ఈ సౌకర్యం వచ్చింది. ఆ అడ్రస్‌కు యాప్ పంపే మెయిల్స్ యాపిల్ దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి మీ అసలు ఇన్‌బాక్స్‌కు వస్తాయి. అందుకే వాడుతున్నంత కాలం ఏ తేడా కనిపించదు, బిల్లు వస్తుంది, ఆఫర్ మెయిల్స్ వస్తాయి, అన్నీ మామూలుగా మీ జీమెయిల్‌లోనే కనపడతాయి. దాంతో "నా అకౌంట్ నా జీమెయిల్ మీదే ఉంది" అని మనసులో ముద్ర పడిపోతుంది. కంపెనీ డేటాబేస్‌లో మాత్రం మీ జీమెయిల్ అనే మాటే ఉండదు, పైన చూపించిన లాంటి అడ్రసే ఉంటుంది.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత ఇది పనికొస్తుంది. ఈ అడ్రస్ కంపెనీకి ఒకటి చొప్పున పుడుతుంది. ఒకే కంపెనీకి రెండు యాప్‌లుంటే రెండింటికీ సాధారణంగా అదే అడ్రస్, వేరే కంపెనీ యాప్ అయితే పూర్తిగా వేరే అడ్రస్. కాబట్టి ఫుడ్ యాప్‌కు ఉన్న దాచిన అడ్రస్ తెచ్చి కోచింగ్ యాప్ వాళ్లకు ఇస్తే ఏమీ దొరకదు. ఇలా ఇచ్చేవాళ్లు నిజంగానే ఉన్నారు, ఎందుకంటే చివర అన్నిటికీ ఒకటే తోక కనిపిస్తుంది.

ఒక ఫోన్ కాల్, మొదటి నుంచి చివరిదాకా

పరకాల అబ్బాయి, నయీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి గ్రూప్-2కు చదువుకుంటున్నాడు. వాడిన ఐఫోన్ ఒకటి కొని, అందులో మా యాప్ వేసుకుని, ఏడాది కోర్సుకు ఫోన్‌పేతో డబ్బు కట్టాడు. కొన్ని నెలల తర్వాత ఆ ఫోన్ అమ్మేసి ఆండ్రాయిడ్ కొన్నాడు. యాప్ వేసుకుని, కళ్ల ముందు గూగుల్ బటన్ ఉంది కదా అని అది నొక్కాడు. లోపల ఏమీ లేదు.

"అన్నా, పైసలు కట్టిన, ఆరు నెలల నోట్స్ ఉన్నయ్ అండ్ల, మొత్తం పోయినయ్. నా జీమెయిల్ ఇదే, నేను వేరే మెయిల్ ఎప్పుడు పెట్టనే లేదు."

"తమ్మీ, ఈ జీమెయిల్ మీద అకౌంట్ ఉంది కానీ అది ఇయ్యాల పొద్దున తెరిచిందే కనపడుతోంది. పేమెంట్ ఏం లేదు."

ఇక్కడే చాలా కాల్స్ తగువులోకి దిగుతాయి. గూగుల్ బటన్ నొక్కగానే ఆ జీమెయిల్ మీద ఖాళీ అకౌంట్ ఒకటి కొత్తగా పుట్టింది, సపోర్ట్ వాళ్లు వెతికితే అదే పైకి వస్తుంది, డబ్బు కట్టిన దాఖలా అందులో ఉండదు. సపోర్ట్‌లో తొందరపడ్డవాళ్లు "మీరు కట్టలేదు సార్" అనేస్తారు, డబ్బు కట్టిన మనిషికి ఆ మాట ఎలా తగులుతుందో చెప్పక్కర్లేదు.

అప్పుడు మెయిల్‌ను పక్కన పెట్టి డబ్బు దారిలో వెళ్లాం. ఫోన్‌పేలో హిస్టరీ తెరిచి ఆ చెల్లింపులో ఉన్న యూటీఆర్ నంబర్, అంటే బ్యాంకు ఇచ్చే 12 అంకెల నంబర్, అది పంపమన్నాం. యూటీఆర్‌తో మా వైపు చెల్లింపుల రికార్డు దొరికింది, దాని నుంచి ఆర్డర్, ఆర్డర్ నుంచి అకౌంట్. ఆ అకౌంట్ ఈమెయిల్ గడిలో జీమెయిల్ లేదు, privaterelay.appleid.com తోకతో అడ్రస్ ఉంది. అకౌంట్ ఎక్కడికీ పోలేదు, నోట్స్ కూడా అన్నీ ఉన్నాయి. ఇక మిగిలింది ఆ అకౌంట్ ఇతనిదే అని తేల్చుకోవడం, లోపలికి దారి ఇవ్వడం.

ఇప్పుడు అదే పని మీరు చేసుకోవాల్సి వస్తే ఏ వరసలో చేయాలో చెప్తాను. వరస ముఖ్యం, కొన్ని పనులు ముందే చేసేస్తే తర్వాత దారి మూసుకుపోతుంది.

మొదటి అడుగు: చేతులు ఆపి, అసలు ఎలా లాగిన్ అయ్యారో తేల్చుకోండి

ముందుగా ఒక మాట. ఖాళీ అకౌంట్‌లో మళ్లీ డబ్బు కట్టొద్దు, టెస్టులు రాయొద్దు, నోట్స్ పెట్టొద్దు. అది ఖాళీగా ఉన్నంత వరకే తర్వాత సులువుగా తీసేయగలం.

Forgot Password నొక్కి జీమెయిల్ ఇవ్వడం కూడా దండగే. చాలా సైట్లు భద్రత కోసం "ఈ మెయిల్‌తో అకౌంట్ ఉంటే లింక్ పంపించాం" అని మాత్రమే చెప్తాయి, ఉందో లేదో చెప్పవు. మీరేమో లింక్ వస్తుందని స్పామ్ ఫోల్డర్‌లన్నీ గాలిస్తూ కూర్చుంటారు. అసలు యాపిల్‌తో తెరిచిన అకౌంట్‌కు పాస్‌వర్డే ఉండదు, మార్చడానికి అక్కడ ఏమీ లేదు.

చేయాల్సింది ఇది. మీ జీమెయిల్‌లో పైన వెతికే చోట privaterelay.appleid.com అని కొట్టండి. ఆ యాప్ నుంచి గతంలో వచ్చిన బిల్లో, స్వాగతం మెయిలో దొరికితే తెరిచి, ఎవరికి వచ్చింది అన్న వివరం కిందికి విప్పి చూడండి. To దగ్గర మీ జీమెయిల్ కాకుండా అడ్డదిడ్డం అక్షరాల అడ్రస్ కనిపిస్తే, మీ అకౌంట్ ఆ అడ్రస్ మీదే ఉందన్నమాట. దాన్ని చూసి రాసుకోకండి, కాపీ చేసుకోండి. సున్నాకు బదులు ఓ అక్షరం, ఒకటికి బదులు ఎల్ పడితే సపోర్ట్ వాళ్ల తెర మీద మళ్లీ "లేదు" అనే వస్తుంది. ఫోన్‌లో ఈ అడ్రస్ చదివి చెప్పడం అయితే అసలు వద్దే వద్దు, చాట్‌లోనో మెయిల్‌లోనో అతికించండి.

From దగ్గర కూడా కంపెనీ అడ్రస్ కొంచెం వింతగా, యాపిల్ తోకతో కనిపించొచ్చు. మోసం మెయిల్ అనుకుని తీసేయకండి. మీరు జవాబిస్తే అది యాపిల్ మీదుగానే వెనక్కి వెళ్లాలి కాబట్టి అలా మార్చి పంపుతారు.

రెండో అడుగు: యాపిల్ దగ్గరే అడ్రస్ చూసుకోవడం

పాత మెయిల్స్ తీసేసి ఉంటే యాపిల్ అకౌంట్‌లోనే చూడొచ్చు. ఐఫోన్ చేతిలో ఉంటే Settings తెరిచి, పైన మీ పేరు మీద నొక్కి, Sign in with Apple లోకి వెళ్లండి. పాత ఐఓఎస్‌లో ఇది Password & Security లోపల ఉంటుంది. అక్కడ మీరు యాపిల్‌తో లాగిన్ అయిన యాప్‌ల జాబితా వస్తుంది, కావాల్సిన యాప్ నొక్కితే దానికి ఇచ్చిన దాచిన అడ్రస్ కనిపిస్తుంది.

ఐఫోన్ లేకపోయినా ఫర్వాలేదు, చాలామందికి ఇది తెలియక ఆ ఫోన్ కొన్నవాళ్ల కోసం వెతుక్కుంటూ తిరుగుతారు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ తెరిచి account.apple.com కు వెళ్లి మీ యాపిల్ ఐడీ, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లండి. కోడ్ అడుగుతుంది. దగ్గర యాపిల్ పరికరం లేదు కాబట్టి కోడ్ రాలేదు అన్న దారిని ఎంచుకుంటే, అప్పట్లో మీరిచ్చిన మొబైల్ నంబర్‌కు ఎస్సెమ్మెస్ పంపుతుంది. లోపల Sign-In and Security లో Sign in with Apple ఉంటుంది.

ఆ పేజీలోనే ఒక ప్రమాదం ఉంది. యాప్ తెరవగానే అడ్రస్‌తో పాటు ఆ యాప్‌కు యాపిల్ లాగిన్ ఆపేయమనే బటన్ కూడా కనిపిస్తుంది, Stop Using అనే మాటతో మొదలవుతుంది. "తీసేసి మళ్లీ మొదటి నుంచి చేద్దాం" అని చాలామంది అది నొక్కుతారు. నొక్కొద్దు. అది నొక్కితే మీకూ ఆ యాప్‌కూ ఉన్న లంకె తెగినట్టు యాపిల్ కంపెనీకి కూడా కబురు పంపగలదు, ఆ కబురు అందగానే కంపెనీ సిస్టమ్ మీ అకౌంట్‌ను ఏం చేస్తుందన్నది వాళ్లు ఎలా రాసుకున్నారన్న దాని మీద ఉంటుంది. మీరు లోపలికి వెళ్లి వేరే లాగిన్ దారి పెట్టుకునేదాకా దాని జోలికి పోకండి.

మొబైల్ నంబర్ కూడా మారిపోయి, కోడ్ ఎక్కడికీ రాకపోతే, ఇక iforgot.apple.com లో రికవరీ పెట్టుకోవాల్సిందే. దానికి రోజులు పడుతుంది, ఆ గడువు యాపిల్ నిర్ణయిస్తుంది, వాళ్ల కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినా తగ్గదు. పరీక్ష దగ్గర్లో ఉంటే రికవరీ పెట్టేసి, పక్కనే డబ్బు రుజువుతో యాప్ సపోర్ట్ దారి కూడా మొదలుపెట్టండి, ఒకటి అయ్యాకే రెండోది అని ఆగకండి.

మూడో అడుగు: లాగిన్ ప్రయత్నం, ఎక్కడ ఆగాలో తెలిసి

అన్నిటికన్నా దగ్గరి దారి మళ్లీ యాపిల్‌తోనే లోపలికి వెళ్లడం. ఆండ్రాయిడ్ యాప్‌లో యాపిల్ బటన్ చాలాసార్లు ఉండదు. అప్పుడు అదే కంపెనీ వెబ్‌సైట్‌ను క్రోమ్‌లో తెరిచి చూడండి, అక్కడ Continue with Apple అని ఉండొచ్చు. ఉంటే మీ పని సగం అయిపోయినట్టే, అకౌంట్ అదే, నోట్స్ అవే.

నొక్కాక వచ్చే తెరను జాగ్రత్తగా చదవండి. ఇదివరకే లాగిన్ అయిన యాప్ అయితే యాపిల్ మళ్లీ Share My Email, Hide My Email అని అడగదు, కొనసాగించమని మాత్రమే అడుగుతుంది. ఆ రెండు దారులూ మళ్లీ కనిపించాయంటే, చాలావరకు, మీరు వేరే యాపిల్ ఐడీతో ఉన్నారని అర్థం, లేదా మునుపు ఎవరో లంకె తెంపేశారు. అక్కడే ఆగి Cancel కొట్టండి. ముందుకు పోతే ఇంకో ఖాళీ అకౌంట్ పుడుతుంది, మొత్తం మూడవుతాయి, సపోర్ట్ వాళ్లకు మీ పేరు మీద ఏది అసలుదో చెప్పడం ఇంకా కష్టమవుతుంది.

వేరే ఐడీ అనే మాట మన దగ్గర తేలిగ్గా తీసుకోవద్దు. సెకండ్ హ్యాండ్ ఐఫోన్ కొన్నప్పుడు "ఐడీ మేమే చేసిస్తాం అన్నా" అని షాపులోనే ఏదో ఒక మెయిల్ పెట్టి, షాపు అబ్బాయి నంబర్ ఇచ్చి యాపిల్ ఐడీ తెరిచేస్తుంటారు. అలా జరిగి ఉంటే మీ యాప్ అకౌంట్ తాళం ఆ ఐడీలో ఉంది, కోడ్ ఆ అబ్బాయి ఫోన్‌కు వెళ్తుంది. షాపు రసీదు మీద ఐడీ రాసిచ్చారేమో వెతకండి, షాపుకు వెళ్లి కోడ్ చెప్పించుకుని ఒకసారి లోపలికి వెళ్లగలిగితే వెంటనే యాపిల్ అకౌంట్‌లో మీ నంబర్ చేర్చండి. షాపే ఎత్తేశారంటే యాపిల్ దారి వదిలేసి డబ్బు రుజువు మీద ఆధారపడటం మేలు.

నాలుగో అడుగు: సపోర్ట్‌కు ఏం రాయాలి

లాగిన్ కుదరకపోతే సపోర్ట్‌కు రాయాలి. "నా అకౌంట్ పోయింది, త్వరగా చూడండి" అని రాస్తే వాళ్లు మళ్లీ మెయిలే అడుగుతారు. మొదటి సందేశంలోనే ఇలా రాయండి:

"నమస్తే. నేను యాపిల్ లాగిన్‌తో, ఈమెయిల్ దాచిపెట్టే పద్ధతిలో అకౌంట్ తెరిచాను. నా జీమెయిల్‌తో వెతికితే దొరకదు. దాచిన అడ్రస్ ఇది: (ఇక్కడ అతికించండి). ఫలానా తేదీన ఇంత మొత్తం కట్టాను, యూటీఆర్ నంబర్ ఇది. ఫలానా తేదీన పొరపాటున గూగుల్‌తో తెరిచిన ఖాళీ అకౌంట్ వేరే ఉంది, అది నా అసలు అకౌంట్ కాదు."

చివరి వాక్యం చాలా అవసరం. అది లేకపోతే పైన చెప్పినట్టు ఖాళీ అకౌంటే వాళ్ల కంట పడుతుంది.

డబ్బు యూపీఐతో నేరుగా కాకుండా ఐఫోన్‌లో యాప్ స్టోర్ ద్వారా కట్టి ఉంటే, అప్పుడు మీ అసలు మెయిల్‌కు యాపిల్ నుంచి బిల్లు వచ్చి ఉంటుంది. అందులో M అక్షరంతో మొదలయ్యే ఆర్డర్ ఐడీ ఉంటుంది, అది ఇవ్వండి. యాప్ స్టోర్‌లో కట్టినప్పుడు కొన్నది ఎవరో, ఏ మెయిలో కంపెనీకి యాపిల్ చెప్పదు. కానీ ఆ ఆర్డర్ ఐడీ చేతికిస్తే దాంతో కొనుగోలును వెతికే వీలు కంపెనీలకు ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్ స్క్రీన్‌షాట్ కంటే ఇది ఎన్నో రెట్లు పనికొస్తుంది.

ఇంతవరకు బాగానే ఉంటుంది, ఆ తర్వాత సపోర్ట్ వాళ్లు ఒక మాట అంటారు: "మీ రిజిస్టర్డ్ మెయిల్ నుంచి మాకు మెయిల్ పెట్టండి." ఇక్కడ మళ్లీ గోడ. లాగిన్‌తో పుట్టిన దాచిన అడ్రస్ నుంచి మీరంతట మీరు కొత్త మెయిల్ మొదలుపెట్టలేరు. జీమెయిల్ నుంచి పెడితే జీమెయిల్ అడ్రసే వెళ్తుంది, అది వాళ్ల రికార్డులో లేదు. దీనికి విరుగుడు ఉంది, సపోర్ట్ వాళ్లకు మీరే చెప్పండి: "మీ రికార్డులో ఉన్న అడ్రస్‌కు మీరే ఒక మెయిల్ పంపండి, నేను దానికి రిప్లై ఇస్తాను." వాళ్లు పంపింది యాపిల్ మీదుగా మీ ఇన్‌బాక్స్‌కు వస్తుంది, మీరు అదే మెయిల్‌కు రిప్లై కొడితే అది మళ్లీ యాపిల్ మీదుగా, దాచిన అడ్రస్ నుంచి వచ్చినట్టే వాళ్లకు చేరుతుంది. ఆ అడ్రస్‌కు వెళ్లేవి మీకు అందుతున్నాయన్నది దాంతో రుజువైపోతుంది. ఫార్వర్డ్ చేయకూడదు, కొత్త మెయిల్ రాయకూడదు, రిప్లై మాత్రమే.

వాళ్లు పంపామంటారు, మీకు రాదు

ఇది విడిగా రాస్తున్నాను, ఎందుకంటే రెండు వేరు వేరు కారణాలుంటాయి, వాటిని గుర్తుపట్టడం సులువే.

ఆ యాప్ నుంచి కొన్నాళ్లుగా ఏ మెయిలూ రావట్లేదు అంటే తప్పు మీ వైపు ఫార్వర్డింగ్‌లో ఉండొచ్చు. యాపిల్ అకౌంట్‌లో ఆ యాప్ పేజీలోనే ఫార్వర్డింగ్ ఆపేసే స్విచ్ ఉంటుంది, ఆఫర్ల గోల భరించలేక ఎప్పుడో ఆపేసి ఉంటారు, తిరిగి ఆన్ చేయండి. స్విచ్ ఆన్‌లోనే ఉంటే మెయిల్స్ ఎక్కడికి చేరుతున్నాయో చూడండి: ఐఫోన్‌లో మీ పేరు, iCloud, Hide My Email, అందులో కింద Forward To. అక్కడ కాలేజీ రోజుల నాటి పాత మెయిల్ ఉంటే ఇన్నాళ్లూ అన్నీ అందులోనే పడుతున్నాయన్నమాట.

ఆఫర్ మెయిల్స్ వస్తున్నాయి, కానీ సపోర్ట్ వాళ్ల మెయిల్ ఒక్కటే రావట్లేదు అంటే తప్పు కంపెనీ వైపు ఉంది. యాపిల్ దాచిన అడ్రస్‌లకు ఎవరు పడితే వాళ్లు మెయిల్ పంపలేరు. కంపెనీ తన డెవలపర్ అకౌంట్‌లో, ఏ డొమైన్ల నుంచి మెయిల్ పంపుతుందో ముందే నమోదు చేసుకోవాలి. ఆఫర్లు, బిల్లులు వెళ్లే డొమైన్ నమోదై ఉంటుంది, సపోర్ట్ టికెట్ల కోసం తర్వాత కొన్న వేరే సాఫ్ట్‌వేర్ వేరే డొమైన్ నుంచి పంపుతూ ఉంటుంది, దాన్ని చేర్చడం ఎవరికీ గుర్తుండదు. ఆ మెయిల్ యాపిల్ దగ్గరే తిరిగిపోతుంది. సపోర్ట్ మనిషి తెర మీద మాత్రం "పంపబడింది" అని పచ్చగా కనిపిస్తుంది. మీరు "రాలేదు", వాళ్లు "పంపాం", ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. "మీ బిల్లులు వెళ్లే మెయిల్ అడ్రస్ నుంచే ఇది పంపించండి" అని అడగండి, చాలాసార్లు వెంటనే వచ్చేస్తుంది.

అయిదో అడుగు: లోపలికి వెళ్లాక

పరకాల అబ్బాయి దగ్గరికి వద్దాం. మేము రికార్డులోని అడ్రస్‌కు మెయిల్ పంపాం, తను రిప్లై ఇచ్చాడు, యూటీఆర్ సరిపోయింది. ఆ తర్వాత వెబ్‌సైట్‌లో యాపిల్ బటన్‌తో లోపలికి వెళ్లగలిగాడు. నోట్స్ చూడగానే ఊపిరి పీల్చుకున్నాడు, వెంటనే సెట్టింగ్స్‌లో జీమెయిల్ చేర్చుకోబోతే "ఈ ఈమెయిల్ ఇప్పటికే వాడుకలో ఉంది" అని వచ్చింది. వాడుకుంటున్నది ఇంకెవరో కాదు, ఆ ఖాళీ గూగుల్ అకౌంటే.

అందుకే వరస ఇలా ఉండాలి. ముందు యాపిల్‌తో తెరిచిన అసలు అకౌంట్‌లోకి వెళ్లి మొబైల్ నంబర్ చేర్చండి, ఓటీపీతో రుజువు చేసుకోండి, ఇప్పటికి ఒక రెండో దారి చేతిలో ఉన్నట్టే. తర్వాత బయటికి వచ్చి, గూగుల్‌తో ఖాళీ అకౌంట్‌లోకి వెళ్లండి, లోపల కోర్సు, పేమెంట్ ఏమీ లేవని ఒకటికి రెండుసార్లు చూసి దాన్ని డిలీట్ చేయండి. కొన్ని యాప్‌లు డిలీట్ చేసినా కొన్ని రోజుల వరకు ఆ మెయిల్‌ను పట్టి ఉంచుతాయి, అలాంటప్పుడు సపోర్ట్ వాళ్లే విడిపించాలి. అప్పుడు అసలు అకౌంట్‌లోకి మళ్లీ వచ్చి జీమెయిల్ చేర్చుకోండి. చివరగా పూర్తిగా లాగౌట్ అయి, గూగుల్ బటన్‌తో లోపలికి వెళ్లి అవే నోట్స్ కనిపిస్తున్నాయా చూడండి. కనిపిస్తేనే పని అయినట్టు.

రెండు అకౌంట్లను కలిపేయమని కొందరు అడుగుతారు. చాలా కంపెనీలకు ఆ వీలు లేదు, ఉన్నా టెస్టుల మార్కులు, గడువు తేదీలు ఒకదాని మీద ఒకటి పడి చెడిపోతాయి. ఖాళీదాన్ని తీసేయడమే శుభ్రమైన పద్ధతి.

సపోర్ట్‌లో పని చేసేవాళ్లకు

మడికొండ వైపు ఆఫీసుల్లో, ఇళ్ల నుంచి ఈ పని చేసేవాళ్లు మన దగ్గర ఇప్పుడు కొంతమంది ఉన్నారు కాబట్టి ఇది కూడా.

ఈమెయిల్‌తో వెతికి దొరకలేదంటే "అకౌంట్ లేదు" అని చెప్పకండి, "ఈ మెయిల్‌తో దొరకలేదు, మీరు మొదట ఏ బటన్‌తో లాగిన్ అయ్యారు?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో కాల్ సగానికి సగం తగ్గుతుంది. "అప్పుడు మీ చేతిలో ఐఫోన్ ఉండేదా?" అని అడిగితే ఇంకా మంచిది, బటన్ గుర్తుండని వాళ్లకు ఫోన్ గుర్తుంటుంది.

మీ టీమ్‌లో డెవలపర్లతో మాట్లాడే అవకాశం ఉంటే, సపోర్ట్ తెర మీద లాగిన్ పద్ధతి కనిపించేలా పెట్టమనండి. యాపిల్ పంపే టోకెన్‌లోనే ఈ సంగతి ఉంటుంది:

```
"is_private_email": true
```

అలాగే అకౌంట్‌కు గుర్తుగా ఈమెయిల్‌ను కాకుండా, అదే టోకెన్‌లో ఉండే `sub` విలువను వాడాలి. మెయిల్ మారొచ్చు, ఫార్వర్డింగ్ ఆగిపోవచ్చు, ఆ `sub` మాత్రం ఒక కంపెనీకి ఒక మనిషి విషయంలో మారదు, కంపెనీ యాప్‌ను వేరే కంపెనీకి అమ్మేస్తే తప్ప. మనిషి పేరు కూడా యాపిల్ మొదటి లాగిన్‌లో ఒక్కసారే ఇస్తుంది, అప్పుడు దాచుకోకపోతే మళ్లీ రాదు. మా దగ్గర పేరు గడి ఖాళీగా ఉన్న అకౌంట్లు కనిపించినప్పుడు ముందు ఇదే అనుమానిస్తాం.

ఇక అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఫోన్ చేసిన మనిషి ఎంత బతిమాలినా, రికార్డులో ఉన్న దాచిన అడ్రస్‌ను మీరు చదివి వినిపించకండి, ఫోన్ మీదే మెయిల్ మార్చేయకండి. యూటీఆర్ ఒక్కటి తెచ్చినా చాలదు, స్క్రీన్‌షాట్ హాస్టల్‌లో పక్క మంచం వాడి దగ్గర కూడా ఉంటుంది. డబ్బు రుజువు, రికార్డు అడ్రస్ నుంచి రిప్లై, ఈ రెండూ కలిస్తేనే మార్చండి. రిప్లై అసలు సాధ్యం కాని కేసుల్లో, అంటే యాపిల్ ఐడీ శాశ్వతంగా పోయినప్పుడు, డబ్బు ఏ నంబర్ నుంచి వచ్చిందో ఆ నంబర్‌కు ఓటీపీ పంపి రుజువు చేయించి, పైవాళ్ల అనుమతితో కోర్సును కొత్త అకౌంట్‌కు మార్చడం మేలు. నోట్స్ పోవచ్చు, కానీ ఒకరి అకౌంట్ ఇంకొకరి చేతికి పోదు.

ఐఫోన్ అమ్మే ముందు

ఐఫోన్ అమ్మాలనుకుంటే, అమ్మకముందు Settings లో Sign in with Apple జాబితా తెరవండి. అందులో డబ్బు కట్టిన యాప్‌లు, మళ్లీ అవసరమయ్యే యాప్‌లు ఏవో చూసుకుని, ఒక్కో దాంట్లోకి వెళ్లి మొబైల్ నంబరో జీమెయిలో చేర్చుకోండి. యాపిల్ అకౌంట్‌లోని మొబైల్ నంబర్ ఇప్పుడు మీరు వాడుతున్నదేనా చూడండి. ఆ తర్వాత ఫోన్‌లో సైన్ అవుట్ అయి, మొత్తం చెరిపేసి ఇవ్వండి. యాపిల్ ఐడీనే పూర్తిగా డిలీట్ చేయాలని షాపులో ఎవరైనా చెప్తే వినకండి, ఫోన్ అమ్మడానికి సైన్ అవుట్ చాలు. ఐడీ డిలీట్ చేస్తే దాని మీద ఉన్న దాచిన అడ్రస్‌లన్నీ పోతాయి, ఆ తర్వాత సపోర్ట్ వాళ్లు పంపే మెయిల్‌కు రిప్లై ఇచ్చే దారి కూడా ఉండదు.